పాత పన్ను విధానమా, కొత్తదా: ముందు మీ గీత ఎక్కడుందో లెక్కేసుకోండి

ఏప్రిల్ రాగానే ఆఫీసు పేరోల్ వాళ్ల దగ్గర్నుంచి మెయిల్ వస్తుంది. ఈ ఏడాది పాత పన్ను విధానంలో ఉంటారా, కొత్తదానిలోనా, ఫలానా తేదీలోగా చెప్పండి అని. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఆ మెయిల్ చూసి నాకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నాకు హోమ్‌లోన్ ఉంది, అద్దె కడుతున్నాను, ఎల్‌ఐసీ ఉంది. పాతదే కదా మంచిది?" అన్నాడు. పక్క సీటు అతను మాత్రం "కొత్తదే తీసుకో, అందరూ అదే తీసుకుంటున్నారు" అన్నాడట.

ఇద్దరూ లెక్క వేయలేదు. ఈ లెక్కకు పావుగంట చాలు. శ్లాబుల పట్టికలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే మాత్రం ఏమీ తేలదు. ఒకదానిలో రేట్లు తక్కువ, ఇంకొకదానిలో మినహాయింపులు ఎక్కువ. రెండూ వేర్వేరు మొత్తాల మీద పడే రేట్లు కాబట్టి వాటిని నేరుగా పోల్చలేం. నేను చేసే పద్ధతి వేరు. ముందు కొత్త విధానంలో పన్ను ఎంతో తేలుస్తాను. తర్వాత, పాతదానిలో అదే పన్ను రావాలంటే ఎన్ని రూపాయల మినహాయింపులు కావాలో చూస్తాను. ఆ మొత్తాన్ని గీత అనుకోండి. మీ మినహాయింపులు గీత దాటితే పాతది, దాటకపోతే కొత్తది.

ఇక్కడి అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 60 ఏళ్ల లోపు వయసుండి, జీతం తప్ప వ్యాపార ఆదాయం లేనివారికి వర్తిస్తాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. కానీ 2025-26 ఆదాయానికి 80సి, 80డి లాంటి పాత నంబర్లే.

మొదటి మెట్టు: సరైన జీతం అంకె పట్టుకోండి

ఆఫర్ లెటర్‌లో ఉండే సీటీసీతో లెక్క మొదలుపెడితే మొదటి అడుగే తప్పుతుంది. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ కూడా కలిపి ఉంటాయి. మీకు కావలసింది స్థూల జీతం: బేసిక్, హెచ్‌ఆర్‌ఏ, స్పెషల్ అలవెన్సు, బోనస్, వేరియబుల్ పే. గత ఏడాది ఫారం 16 పార్ట్ బి తీస్తే అది పైనే కనిపిస్తుంది. దానికి ఈ ఏడాది ఇంక్రిమెంట్ కలుపుకోండి. ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే రెండు కంపెనీల జీతాలూ కలపాలి, స్టాండర్డ్ డిడక్షన్ మాత్రం ఒక్కసారే తీసేయాలి. రెండు కంపెనీలూ విడివిడిగా తీసేసి టీడీఎస్ తక్కువ కోస్తాయి. రిటర్న్ వేసే రోజున ఆ తేడా బాకీగా బయటపడుతుంది.

తమ్ముడి స్థూల జీతం 18,00,000. అందులో బేసిక్ నెలకు 60,000, హెచ్‌ఆర్‌ఏ నెలకు 30,000.

రెండో మెట్టు: కొత్త విధానంలో పన్ను

స్థూల జీతంలోంచి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేయండి. మిగిలినదాని మీద మొదటి 4 లక్షలకు పన్ను లేదు. ఆ తర్వాత ప్రతి 4 లక్షలకూ 5, 10, 15, 20, 25 శాతం చొప్పున పెరుగుతూ పోతుంది. 24 లక్షలు దాటినదానిపై 30 శాతం.

తమ్ముడికి 17,25,000 మిగిలింది. 4 నుంచి 8 లక్షల ముక్కకు 20,000. 8 నుంచి 12కి 40,000. 12 నుంచి 16కి 60,000. మిగిలిన 1,25,000కి 20 శాతం చొప్పున 25,000. మొత్తం 1,45,000. దీనిపై 4 శాతం సెస్ 5,800 కలిపితే 1,50,800. గీత లెక్కకు సెస్ కలపని 1,45,000 అంకెనే వాడతాం, దాన్ని పక్కన రాసి పెట్టుకోండి.

స్టాండర్డ్ డిడక్షన్ పోను ఆదాయం 12 లక్షలు దాటకపోతే 87ఎ రిబేటుతో పన్ను సున్నా అవుతుంది. అంటే స్థూల జీతం 12,75,000 వరకు ఉన్నవాళ్లకు జీతం మీద కొత్త విధానంలో పన్నే లేదు. సున్నా కంటే తక్కువ పన్ను ఎక్కడా ఉండదు కాబట్టి వీళ్లకు పాత విధానం ఎన్ని మినహాయింపులున్నా గెలవదు. మహా అయితే సమానం అవుతుంది. వీళ్ల లెక్క ఇక్కడితో అయిపోయింది. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు అమ్మిన లాభాలు ఉన్నవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి: ప్రత్యేక రేట్లతో పన్ను పడే ఆ లాభాలకు ఈ రిబేటు వర్తించదు.

12 లక్షలు కొద్దిగా దాటినవాళ్లు భయపడనక్కర్లేదు. దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ పడకుండా మార్జినల్ రిలీఫ్ ఉంది. ఆదాయం 12,10,000 అయితే శ్లాబుల ప్రకారం 61,500 రావాలి, కానీ కట్టేది 10,000, దానిపై సెస్.

మూడో మెట్టు: గీత ఎక్కడుందో తేల్చండి

పాత విధానంలో 2.5 లక్షల వరకు పన్ను లేదు. అక్కడి నుంచి 5 లక్షల వరకు 5 శాతం, 10 లక్షల వరకు 20 శాతం, ఆపైన 30 శాతం. అంటే పన్ను పడే ఆదాయం సరిగ్గా 10 లక్షలైతే పన్ను 1,12,500. ఈ అంకె దగ్గర ఉంటే గీతను వెనక నుంచి పట్టుకోవచ్చు.

మీ కొత్త విధానం పన్ను 1,12,500 కంటే ఎక్కువైతే, అందులోంచి 1,12,500 తీసేయండి. మిగిలినదాన్ని 10తో హెచ్చించి 3తో భాగించి, దానికి 10 లక్షలు కలపండి. ఒకవేళ మీ పన్ను 12,500కీ 1,12,500కీ మధ్య ఉంటే, అందులోంచి 12,500 తీసేసి, మిగిలినదాన్ని 5తో హెచ్చించి, 5 లక్షలు కలపండి. వచ్చిన అంకె ఏమిటంటే, పాత విధానంలో మీ పన్ను పడే ఆదాయం అంతకు దిగితే రెండు పన్నులూ సమానమవుతాయి. పాతదానిలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000 మాత్రమే. కాబట్టి స్థూల జీతంలోంచి 50,000, ఆపైన ఈ అంకె తీసేస్తే మిగిలేదే మీ గీత.

తమ్ముడి లెక్క: 1,45,000లోంచి 1,12,500 పోతే 32,500. దాన్ని 10తో హెచ్చించి 3తో భాగిస్తే 1,08,333. 10 లక్షలు కలిపితే 11,08,333. స్థూల జీతంలోంచి 50,000 పోను 17,50,000. అందులోంచి 11,08,333 తీసేస్తే 6,41,667. అదీ అతని గీత. స్టాండర్డ్ డిడక్షన్ కాకుండా ఇంతకు మించి మినహాయింపులు నిజంగా ఉంటేనే పాత విధానం గురించి ఆలోచించాలి.

మీ అంకె ఇంచుమించు ఎక్కడ పడుతుందో తెలియడానికి మరికొన్ని గీతలు:

స్థూల జీతం 15 లక్షలకు 5,43,750
20 లక్షలకు 7,08,333
24,75,000 దాటితే 8,00,000

చివరి అంకె అక్కడే ఆగిపోతుంది. అక్కడి నుంచి రెండు విధానాల్లోనూ పై రేటు 30 శాతమే కాబట్టి జీతం పెరిగినా గీత కదలదు, సర్‌చార్జి మొదలయ్యే 50 లక్షల దాకా.

నాలుగో మెట్టు: మీ మినహాయింపులు కూడండి, చేతిలో ఉన్నవే

ఎక్కువ మంది ఇక్కడే దెబ్బతింటారు. కట్టిన ప్రతి రూపాయినీ కూడేస్తారు. చట్టం ఒప్పుకునేది అంత ఉండదు.

హెచ్‌ఆర్‌ఏతో మొదలుపెడదాం. తమ్ముడు నెలకు 28,000 అద్దె కడతాడు. ఏడాదికి 3,36,000 మినహాయింపు అనుకున్నాడు. అది కాదు. మూడు అంకెలు తీసుకుని వాటిలో చిన్నది ఎంచాలి. మొదటిది, కంపెనీ ఇచ్చిన హెచ్‌ఆర్‌ఏ: 3,60,000. రెండోది, కట్టిన అద్దెలోంచి బేసిక్‌లో 10 శాతం తీసేయగా మిగిలింది: 3,36,000 మైనస్ 72,000, అంటే 2,64,000. మూడోది, బేసిక్‌లో 40 శాతం: 2,88,000. అతనికి దక్కేది 2,64,000. 50 శాతం లెక్క ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలకే. 2025-26కి హైదరాబాద్ కూడా 40 శాతం ఊరే. డీఏ పదవీ విరమణ ప్రయోజనాలకు లెక్కలోకి వచ్చేదైతే, బేసిక్ అన్న చోటల్లా బేసిక్‌తో పాటు డీఏ కూడా కలపండి. ప్రభుత్వ ఉద్యోగులు ఇది మరిచిపోతే వచ్చే మినహాయింపు అంకె తప్పుతుంది.

80సి కింద అతను రాసుకొచ్చినవి: పీఎఫ్‌లో తన వాటా 86,400, ఎల్‌ఐసీ 30,000, పాప ట్యూషన్ ఫీజు 60,000, పైగా హోమ్‌లోన్ అసలు. పీఎఫ్, ఎల్‌ఐసీ, ఫీజు మూడూ కలిపితేనే 1,76,400. పరిమితి 1,50,000. కాబట్టి హోమ్‌లోన్ అసలు కింద కట్టినదాని వల్ల ఒక్క రూపాయి అదనపు మినహాయింపు రాదు. స్కూలు ఫీజులో కూడా ట్యూషన్ ఫీజు భాగమే పనికొస్తుంది. బస్సు ఫీజు, డొనేషన్ పనికిరావు. రసీదులో విడగొట్టి ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

80డి కింద తన కుటుంబానికి ఆరోగ్య బీమా ప్రీమియం 22,000. 60 దాటిన అమ్మానాన్నల పాలసీకి 38,000. రెండూ వాటి పరిమితుల్లోపే, 25,000 ఒకదానికి, 50,000 ఇంకొకదానికి. మొత్తం 60,000. నెలనెలా జీతంలో కోసే 200 వృత్తి పన్ను ఏడాదికి 2,400.

ఇంతవరకు కూడితే 4,76,400. గీత 6,41,667. ఇక్కడ ఆగితే పాత విధానంలో పన్ను సెస్‌తో 2,02,363 అవుతుంది. కొత్తదానికంటే 51 వేల పైచిలుకు ఎక్కువ. అద్దె, ఎల్‌ఐసీ, పీఎఫ్, ఆరోగ్య బీమా అన్నీ ఉన్న మనిషికే ఇలా వచ్చింది, చూడండి.

ఇక హోమ్‌లోన్ వడ్డీ. అతనికి గుంటూరులో అపార్ట్‌మెంట్ ఉంది, అమ్మానాన్నలు అందులో ఉంటారు. ఉద్యోగం హైదరాబాద్‌లో కాబట్టి అతను అద్దెకు ఉంటున్నాడు. ఇలాంటప్పుడు హెచ్‌ఆర్‌ఏ, ఇంటి వడ్డీ రెండూ క్లెయిమ్ చేసుకోవచ్చు. ఈ ఏడాది వడ్డీ 2,30,000 కట్టాడు. సొంతానికి వాడుకునే ఇంటికి పరిమితి 2,00,000. దాంతో మొత్తం 6,76,400. గీత దాటింది, 34,733 రూపాయలతో. పాత విధానంలో పన్ను పడే ఆదాయం 10,73,600, పన్ను 1,34,580, సెస్‌తో 1,39,963. కొత్తదానిలో 1,50,800. అంటే పాతదానివల్ల సుమారు 10,840 మిగులుతుంది.

ఈ వడ్డీ విషయంలో ఒక హెచ్చరిక. ఇంకా కడుతూ ఉన్న ఫ్లాట్‌కు వడ్డీ కడుతున్నవాళ్లు దాన్ని ఈ లెక్కలో వేసుకోకండి. ఇల్లు పూర్తయి మీ చేతికొచ్చిన ఏడాది నుంచే ఆ మినహాయింపు మొదలవుతుంది. అంతకు ముందు కట్టిన వడ్డీని ఐదు సమాన వాయిదాల్లో, అదే 2 లక్షల పరిమితిలోనే చూపాలి. భార్యాభర్తలిద్దరూ కలిసి లోన్ తీసుకుంటే, దస్తావేజులో ఇద్దరి పేర్లూ ఉండాలి, ఎవరి వాటా వడ్డీ వారిదే.

ఐదో మెట్టు: గీత మీద ఎంత గట్టిగా నిలబడ్డారో చూడండి

తమ్ముడికి పాతదే మేలని తేలింది, కానీ 34,733 రూపాయల తేడాతో. అతని హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు నెలకు 22,000 పడుతుంది. రెండు నెలల అద్దెకు రుజువు లేకపోతే 44,000 పోతుంది, అతను మళ్లీ గీత కిందికి వస్తాడు. అందుకే అతన్ని అడిగాను, "ఇంటివాళ్ల పాన్ ఉందా? అద్దె ఎలా పంపుతున్నావు?" ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ ఆఫీసుకి ఇవ్వాలి. "ఆంటీ పాన్ ఇవ్వనంటున్నారు అన్నయ్యా, మొన్నటిదాకా చేతికే ఇచ్చేవాడిని" అన్నాడు. అప్పుడు వెళ్లి ఆవిడతో మాట్లాడి, పాన్ తీసుకుని, మిగిలిన నెలలు బ్యాంకు నుంచి పంపి, ఇచ్చిన నెలలకు రసీదులు రాయించుకున్నాడు. ఇది మార్చిలో కాకుండా ఏప్రిల్‌లోనే అడగాల్సిన మాట. అద్దె నెలకు 50,000 దాటితే మీరే 2 శాతం టీడీఎస్ కోసి కట్టాలి, అదీ గుర్తుంచుకోండి. లేని అద్దెకు రసీదులు పుట్టించడం జోలికి వెళ్లొద్దు. తప్పుడు క్లెయిమ్ అని తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతలు జరిమానా పడుతుంది.

రెండో సంగతి, ఈ ఫలితం ఈ ఏడాదికే. హోమ్‌లోన్ వడ్డీ ఏటా తగ్గుతుంది. మిగతావన్నీ ఇలాగే ఉండి వడ్డీ 1,65,000 దాకా దిగిన ఏడాది అతనికి పాతదాని లాభం పోతుంది. అంతకుముందే జీతం 20 లక్షలకు పెరిగితే గీత 7,08,333కి వెళ్తుంది. బేసిక్ పెరిగిన కొద్దీ హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కూడా కొంత తగ్గుతుంది, అద్దెలోంచి తీసే 10 శాతం పెద్దదవుతుంది కాబట్టి. అందుకే ఏటా ఈ లెక్క కొత్తగా వేయాలి.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది. ఫిబ్రవరి, మార్చిలో "ఇంకో 50 వేలు పెడితే పన్ను తగ్గుతుంది" అని పాలసీలు, ఎన్‌పీఎస్ అమ్మేవాళ్లు వస్తారు. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు ఎన్‌పీఎస్‌లో సొంతంగా వేసే 50,000కి 15,600 తగ్గుతుందని చెబుతారు. గీత దాటినవాళ్లకు అది నిజం. తమ్ముడికి ఇప్పుడు నిజంగానే 15,600 తగ్గుతుంది. కానీ ఆ గుంటూరు ఇల్లే లేదనుకోండి. 4,76,400కి 50,000 కలిపినా 5,26,400, ఇంకా గీత కిందే. అప్పుడు అతను ఎలాగూ కొత్త విధానమే తీసుకుంటాడు, ఆ 50,000 వల్ల తగ్గే పన్ను సున్నా. గీత కింద ఉన్నవాళ్లకు మినహాయింపుల కోసం పెట్టే పెట్టుబడికి పన్ను పరంగా విలువ లేదు. ఆ పాలసీ మీకు పాలసీగా కావాలా అన్నదొక్కటే చూసుకోవాలి.

రెండు విధానాల్లోనూ పనికొచ్చే పెద్ద మినహాయింపు ఒకటుంది: కంపెనీ మీ పేర ఎన్‌పీఎస్‌లో వేసే వాటా. కొత్త విధానంలో బేసిక్, డీఏలో 14 శాతం దాకా, పాతదానిలో ప్రైవేటు ఉద్యోగులకు 10 శాతం దాకా ఒప్పుకుంటారు. జీతం నిర్మాణంలో ఈ వెసులుబాటు ఇస్తారేమో హెచ్‌ఆర్‌ను అడగండి. డబ్బు పదవీ విరమణ దాకా కదలదని తెలిసే ఒప్పుకోండి. ఈ వాటా ఉంటే ముందు రెండు వైపులా దాన్ని తీసేసి, ఆ తర్వాత గీత లెక్కేయాలి.

ఆరో మెట్టు: ఆఫీసుకు చెప్పడం, రిటర్న్‌లో ఎంచడం

ఈ రెండూ వేర్వేరు పనులు. ఆఫీసుకు చెప్పేది టీడీఎస్ ఎలా కోయాలన్నది మాత్రమే. ఏమీ చెప్పకపోతే కొత్త విధానం ప్రకారం కోస్తారు, 2023-24 నుంచి అదే డిఫాల్ట్. పాతది చెప్పినవాళ్లు జనవరి, ఫిబ్రవరిలో ఫారం 12బీబీతో రుజువులు ఇవ్వాలి. ఆఫీసులో ఒకటి చెప్పి రిటర్న్‌లో ఇంకొకటి ఎంచుకునే హక్కు జీతగాళ్లకు ఉంది, ఏటా మార్చుకోవచ్చు కూడా. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లకు మాత్రం ఫారం 10-ఐఈఏ, వేరే నియమాలు ఉంటాయి.

తమ్ముడు ఆ మెయిల్‌కు జవాబివ్వలేదు. ఆఫీసు 1,50,800 కోసేసింది. అయినా నష్టం లేదు. రిటర్న్‌లో పాతది ఎంచుకుంటే ఆ 10,840 రీఫండ్‌గా వస్తుంది. అయితే అతని ఫారం 16లో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు ఉండదు, 80సి వివరాలూ ఉండవు. అవన్నీ తనే రిటర్న్‌లో నింపాలి. ఇప్పుడు ఫారం అద్దె వివరాలు, బీమా కంపెనీ పేరు, పాలసీ నంబర్లు కూడా అడుగుతుంది. కాగితాలు ముందు పెట్టుకుని కూర్చోండి.

incometax.gov.in లో రిటర్న్ తెరిచాక మొదట్లోనే ఈ ప్రశ్న వస్తుంది:

```
Do you wish to exercise the option u/s 115BAC(6)
of Opting out of new tax regime?
```

దీన్ని నిదానంగా చదవండి. ఇది కొత్త విధానం నుంచి బయటికి వస్తారా అని అడుగుతోంది. పాతది కావాలంటే `Yes`, కొత్తది కావాలంటే `No`. కొత్తది కావాలా అని అడిగినట్టు అనుకుని `Yes` నొక్కేవాళ్లు నాకు ఏటా ఒకరిద్దరైనా కనిపిస్తారు. తప్పు నొక్కారో లేదో చివరి సారాంశం పేజీలో తెలిసిపోతుంది. అక్కడ చూపే పన్ను మీ కాగితం మీది అంకెతో కొద్ది రూపాయల్లో కలవాలి. తమ్ముడి తెరమీద సుమారు 1,39,960 కనిపించాలి. 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కనిపిస్తే మీరు కొత్తదానిలో ఉన్నారు, 50,000 కనిపిస్తే పాతదానిలో.

పాతది ఎంచుకునేవాళ్లకు గడువు చాలా గట్టిది. 2025-26 ఆదాయానికి ఐటీఆర్-1, ఐటీఆర్-2 వేసేవారి గడువు 2026 జూలై 31. ఆ రోజు దాటాక వేసే ఆలస్యపు రిటర్న్‌లో పాత విధానం ఎంచుకోవడం కుదరదు, మీ మినహాయింపులు ఎంతున్నా కొత్త విధానం ప్రకారమే పన్ను. గీత దాటినవాళ్లు ఫారం 16 చేతికి రాగానే, జూన్ నెలలోనే, ఈ పని ముగించేయండి.